బడి పటంలో స్కేలు ముందా, బొమ్మ ముందా?

ప్రశ్న: విశాఖలో ఒక హైస్కూల్లో ఆరో తరగతికి సోషల్ చెబుతున్నాను. ఇది నా రెండో ఏడాది. పటాల పాఠం కోసం పిల్లల చేత బడి ఆవరణ బొమ్మ వేయించాను, బాగానే వేశారు. కింద స్కేలు రాయమంటే ఒకడు 1 సెం.మీ. = 1 మీ. అని, ఇంకొకడు 1 సెం.మీ. = 10 కి.మీ. అని రాశాడు. నిర్వచనం అడిగితే మాత్రం గడగడా అప్పజెబుతున్నారు. దీన్ని ఎలా సరిచేయాలి? ఇంకో నాలుగు పీరియడ్లు ఇవ్వగలను.

జవాబు:

మేడమ్ గారూ, ఆ బొమ్మల్ని పారేయకండి, వాటితో పనుంది. పిల్లల తప్పు కూడా ఏమీ లేదు. బొమ్మ పూర్తయ్యాక స్కేలు రాయమన్నాం కాబట్టి తోచింది రాశారు. స్కేలు అనేది పెన్సిల్ కాగితానికి తగలకముందే తేల్చుకోవలసిన సంగతి. అయిపోయిన బొమ్మకు తర్వాత తగిలించడానికి అది పేరు కాదు. నేను పాతికేళ్లకు పైగా ఇదే నగరంలో ఇదే పాఠం చెప్పాను. మొదటి అయిదారేళ్లు మీలాగే చేశాను, మీకు వచ్చినట్టే వచ్చింది.

పిల్లలు వేసినది చిత్తుచిత్రం. గేటు పక్కన వేపచెట్టు, చెట్టు దాటితే బోరింగు, దాని వెనక వంటషెడ్డు అన్న వరస అందులో సరిగ్గానే ఉంటుంది. ఏది ఎంత దూరమో మాత్రం ఉండదు. ఆ దూరాలు తెచ్చి ఆ బొమ్మ మీదే రాయించాలి, తర్వాత ఇంకో కాగితం మీద పటం గీయించాలి. నాలుగు పీరియడ్ల పనీ ఇంతే.

దానికి ముందు రెండు మాటల పేచీ తీర్చుకోవాలి. తెలుగులో పిల్లవాడి పెన్సిల్ బాక్సులో ఉండేదీ స్కేలే, పటం కింద రాసేదీ స్కేలే. ఒకసారి గోడ మీద ఆంధ్రప్రదేశ్ పటం వేలాడదీసి "దీని స్కేలు ఎంత?" అని అడిగితే ముందు బెంచీ కుర్రాడు లేచి "పదిహేను సెంటీమీటర్లు మాస్టారూ" అన్నాడు. నేను నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే వాడు చెప్పింది వాడి బాక్సులోని స్కేలుకు అక్షరాలా సరైన జవాబు. ఆ రోజు నుంచి చేతిలోదాన్ని కొలబద్ద అనీ, పటం మీదదాన్ని స్కేలు అనీ పిలవడం మొదలుపెట్టాను. పాఠం అయ్యేదాకా పిల్లలూ అలాగే పిలవాలి. రెండో మాట అడుగు. నడిచేటప్పుడు వేసేదీ అడుగే, పన్నెండు అంగుళాలదీ అడుగే. అందుకే నడకకు 'అంగ' అనే మాట వాడతాను. ఇది ఊరికే పంతులు చాదస్తం కాదని కింద మీకే తెలుస్తుంది.

మొదటి పీరియడు మైదానంలో. పీఈటీ గారి దగ్గర లాంగ్‌జంప్ కొలిచే టేపు ఉంటుంది. దాంతో నేల మీద సరిగ్గా 20 మీటర్లు కొలిచి రెండు చివరలా సున్నంతో గీత పెట్టండి. పిల్లలు ఒక్కొక్కరుగా ఆ గీత నుంచి ఈ గీత దాకా మామూలుగా, ఇంటికి నడిచినట్టే నడవాలి. మూడుసార్లు నడిచి అంగలు లెక్కపెట్టుకోవాలి. పక్కవాళ్లు చూస్తున్నారంటే మొదటిసారి పెద్ద అంగలు వేస్తారు, అందుకే మూడుసార్లు. ఒక పాపకు 34, 36, 35 వచ్చాయనుకోండి, సగటు 35. అంటే 35 అంగలకు 20 మీటర్లు, ఇంకా చిన్నది చేస్తే 7 అంగలకు 4 మీటర్లు. దశాంశాలు వద్దు, ఈ 7కు 4 అన్నదే గుర్తుండాలి. లెక్కల మాస్టారు చెప్పే నిష్పత్తి పాఠం కాళ్ల కిందికి వచ్చినట్టుంటుంది. ఒక్కొక్కరి అంగ ఒక్కో రకం కాబట్టి ప్రతి గ్రూపులో ఒక్కరే నడవాలి, మిగతావాళ్లు లెక్కపెట్టాలి, రాయాలి.

నా క్లాసులో ఒకసారి ఒక గ్రూపు 11 అంగలకే 20 వచ్చిందని రాసింది. అంటే ఒక అంగ 1.8 మీటర్లు. పదకొండేళ్ల పిల్లవాడి అంగ వాడి ఎత్తు కంటే ఎక్కువ! చూస్తే టేపుకు ఒక పక్క మీటర్లు, ఇంకో పక్క అడుగులు ఉన్నాయి. వీళ్లు తిరగేసి పట్టుకుని 20 అడుగులు కొలిచారు, అంటే సుమారు 6 మీటర్లు. అడుగూ అంగా వేరని ముందే చెప్పి ఉండకపోతే ఆ తప్పు ఎక్కడ జరిగిందో పిల్లలకు చెప్పడానికే ఒక పీరియడు పట్టేది. అంగ పొడవు అర మీటరుకూ ముప్పావు మీటరుకూ మధ్య రాకపోతే టేపు దగ్గరికి వెనక్కి వెళ్లండి.

ఈ ఇరవై మీటర్ల గీతకు మన ఊరి కథ ఒకటి జోడిస్తాను, పిల్లలు చెవులు రిక్కించి వింటారు. బ్రిటిషు వాళ్లు ఈ దేశాన్ని త్రిభుజాలుగా కట్టి కొలిచినప్పుడు, అక్కడక్కడ ఒక్కో ఆధారరేఖను నేల మీద అతి జాగ్రత్తగా కొలిచి, మిగతా దూరాలన్నీ కోణాలతో లెక్కగట్టారు. అలాంటి ఆధారరేఖల్లో ఒకటి 1862-63లో విశాఖపట్నంలో కొలిచారు. మన సున్నపు గీతల పనీ అదే. అక్కడ తప్పితే పటమంతా అదే పాళ్లలో తప్పుతుంది.

రెండో పీరియడుకు పిల్లల చిత్తుచిత్రాలు చేతికిచ్చి ఆవరణ చుట్టూ నడిపించండి. నేను పని చేసిన ఒక బడి లెక్కే చెబుతాను. గోడలకు తూర్పు పడమర పేర్లు అప్పుడే పెట్టొద్దు. రోడ్డు గోడ, కొండ వైపు గోడ, కాలనీ గోడ, వెనక గోడ అంటే చాలు. దిక్కుల సంగతి తర్వాత. రోడ్డు గోడ ఆ పాప అంగలతో 147 వచ్చింది. 7కు 4 మీటర్లు కాబట్టి 147ను 7తో భాగిస్తే 21, దాన్ని 4తో గుణిస్తే 84 మీటర్లు. కొండ వైపు గోడ 98 అంగలు, అంటే 56 మీటర్లు. ఈ అంకెలు చిత్తుచిత్రం మీదే, ఆ గోడ పక్కనే రాయాలి. విడిగా నోట్సులో రాస్తే ఏ అంకె ఏ గోడదో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

వెనక గోడ కూడా 147 రావాలి కదా అని అందరూ అనుకున్నారు. 136 వచ్చింది. మళ్లీ నడిచారు, 135. "ఏటి మాస్టారూ, లెక్క తప్పిందా?" అన్నారు. వెళ్లి చూస్తే వెనక మూల దగ్గర గెడ్డ పారుతుంటే గోడను దానికి తగ్గట్టు వంచి కట్టారు. రోజూ ఆ మూలనే ఆడుకునే పిల్లలు అందరూ చిత్తుచిత్రంలో చక్కటి దీర్ఘచతురస్రం వేసి ఉన్నారు. కళ్లు చూడనిది కాళ్లు పట్టుకున్నాయి. ఎదురెదురు గోడలు కలవకపోతే రెండే కారణాలు: లెక్క తప్పడం, లేదా గోడ నిజంగానే వంకర ఉండడం. రెండోసారి నడిస్తే ఏదో తేలిపోతుంది. రెండు మూడు అంగల తేడాను పట్టించుకోకండి, అది నడకలో ఉండేదే.

గోడలయ్యాక లోపలి వస్తువులు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "బోరింగు గేటు నుంచి 65 అంగలు" అని ఒక్క కొలతే రాసుకుంటారు. గేటు నుంచి 65 అంగల దూరంలో ఎన్ని చోట్లు లేవు! ఒక అర్ధవలయం మీద ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి ప్రతి వస్తువుకూ రెండు కొలతలు కావాలి, రోడ్డు గోడ నుంచి ఒకటి, కొండ వైపు గోడ నుంచి ఒకటి. గోడకు నిటారుగా నడవాలి, అడ్డంగా కోసుకుపోకూడదు. మా బోరింగు కొండ వైపు గోడ నుంచి 56 అంగలు, అంటే 32 మీటర్లు. రోడ్డు గోడ నుంచి 61 అంగలు, అంటే దాదాపు 35 మీటర్లు. గేటు రోడ్డు గోడలోనే, కొండ వైపు మూల నుంచి 35 అంగలు, అంటే 20 మీటర్లు. గేటు నుంచి బోరింగుకు నేరుగా ఎంతో మాత్రం ఎవరినీ నడవనివ్వొద్దు. దాన్ని దాచిపెట్టండి. నాలుగో పీరియడంతా దాని మీదే ఉంది.

ఇంకొక జాగ్రత్త. విశాఖలో సగం బళ్లు ఏదో ఒక కొండవాలు మీదే ఉంటాయి. మెట్ల మీద అంగలు లెక్కపెట్టకండి. పటం మీద పడేది మెట్టు వెడల్పే, ఎత్తు కాదు. ఒక మెట్టు వెడల్పు కొలిచి మెట్ల సంఖ్యతో గుణించండి. 30 సెంటీమీటర్ల వెడల్పున్న మెట్లు ఇరవై ఉంటే పటం మీద 6 మీటర్లే. మైదానం కొంచెం వాలుగా ఉంటే వదిలేయొచ్చు, ఈ పటానికి ఆ తేడా కనబడదు.

మూడో పీరియడు తరగతిలో, గ్రాఫు కాగితం ముందు. స్కేలు ఎంత పెట్టాలన్నది బోర్డు మీద మీరు రాయకండి, పిల్లల చేత తేల్పించండి. గ్రాఫు కాగితంలో గీసుకోవడానికి పొడవు వైపు 24 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 1 సెం.మీ.కు 1 మీటరు పెడితే రోడ్డు గోడకే 84 సెంటీమీటర్లు కావాలి. బెంచీ దాటిపోతుంది. 2 మీటర్లు పెడితే 42, ఇంకా పట్టదు. 3 పెడితే 28, అదీ బయటికే. 4 పెడితే 21, పట్టింది. 5 పెడితే 16.8, బాగా పట్టింది. 10 పెడితే 8.4. మైదానమంతా అరచేతిలోకి వచ్చేస్తుంది గానీ, 3 మీటర్ల మరుగుదొడ్డి గది 3 మిల్లీమీటర్లు అయిపోతుంది, గుర్తు పెట్టడానికి చోటుండదు. నేనైతే 4 కాకుండా 5 పెట్టిస్తాను. చుట్టూ పేరుకూ గుర్తుల పట్టికకూ చోటు మిగులుతుంది, పైగా గ్రాఫులో ఒక చిన్న గడి సరిగ్గా అర మీటరు అవుతుంది. లెక్క తేలిక. ఆరు అంకెలు వాళ్లే పెట్టి చూసి, అయిదు తోసేసి, ఒకటి ఎంచుకున్నారంటే, స్కేలు ఎవరో పైనుంచి ఇచ్చినది కాదని వాళ్లకు తెలిసిపోతుంది. 5 మీటర్లంటే 500 సెంటీమీటర్లు కదా, అందుకే దీన్నే 1 : 500 అని కూడా రాస్తారని అప్పుడు చెప్పండి. ముందు చెబితే ఎక్కదు.

ఇక గీయడం. గేటు మూల నుంచి 4 సెం.మీ. దగ్గర పడుతుంది. బోరింగు ఒక వైపు 6.4, ఇంకో వైపు 7 సెంటీమీటర్లు లెక్కించి చుక్క పెట్టాలి. మేడ 32 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కాబట్టి 6.4కు 1.6 సెంటీమీటర్ల పెట్టె. ఇక్కడే పిల్లల చెయ్యి మళ్లీ పాత బొమ్మ వైపు లాగుతుంది. పెట్టెకు తలుపులు, కిటికీలు, మీద జెండా వేసేస్తారు. వద్దని చెబితే మానరు. నీళ్ల సీసాను బెంచీ మీద నిలబెట్టి, లేచి నిలబడి నడినెత్తి మీద నుంచి చూసి గీయమనండి. గుండ్రం తప్ప ఇంకేమీ రాదు. తర్వాత మేడ మీది అంతస్తు ఉంటే అక్కడి నుంచి వంటషెడ్డును చూపించండి. రేకులు తప్ప గోడలు కనబడవు. పటం అంటే ఆ చూపు. వేపచెట్టు కొమ్మలు ఎంత దూరం వ్యాపించాయో అంత వలయం గీయాలా, మొదలు దగ్గర చుక్క పెట్టాలా అని ఎవరో ఒకరు అడుగుతారు. రెండూ సరే, గుర్తుల పట్టికలో ఏది రాస్తే అది. జెండా స్తంభానికి మాత్రం గుర్తే గతి. ఈ స్కేలులో నిజంగా గీస్తే పెన్సిల్ మొన కంటే సన్నగా ఉంటుంది.

గీసిన పటం సరిగ్గా ఉందో లేదో మీరు ముప్పై అయిదు పటాలనూ కొలిచి చూడక్కర్లేదు. మీ బళ్లో వాలీబాల్ కోర్టు ఉంటే అదే సాక్షి. దాని కొలత ఎక్కడైనా 18 మీటర్లకు 9 మీటర్లే. ఈ స్కేలులో 3.6కు 1.8 సెంటీమీటర్లు రావాలి. పటాలు వరసగా పెట్టి కోర్టును మాత్రం కొలవండి. కోర్టు మేడంత పొడవు ఉంటే ఆ గ్రూపు స్కేలును మధ్యలో మరిచిపోయి కంటి అంచనాతో గీసిందన్నమాట.

దిక్కు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పుస్తకంలో రాసిన చిట్కా మన ఊళ్లో, ఈ పాఠం వచ్చే నెలల్లో, సరిగ్గా పని చేయదు. "ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఎడమ చేయి ఉత్తరం" అంటాం. జూన్‌లో విశాఖలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి పొడుస్తాడు. కచ్చితంగా తూర్పున పొడిచేది మార్చి, సెప్టెంబరు నెలల మూడో వారం చివర్లోనే. ఇంకో గ్రూపు తెలివిగా "సముద్రం ఉన్నది తూర్పు" అంటుంది. మన తీరం నిలువుగా లేదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలికి వెళ్తుంటే ఈశాన్యంగా వెళ్తున్నాం. కాబట్టి తీరానికి ఎదురుగా నిలబడితే చూస్తున్నది ఆగ్నేయం. నా క్లాసులో ఒక గ్రూపు సూర్యుణ్ణి, ఒక గ్రూపు సముద్రాన్ని నమ్మితే రెండు ఉత్తరాల మధ్య 60 డిగ్రీల పైనే తేడా వచ్చింది.

మధ్యాహ్నం నీడతో చూద్దామంటే అక్కడ ఇంకో తిరకాసు. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుందని అనేస్తాం. మే మధ్య నుంచి జూలై చివరి దాకా విశాఖలో నడిమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అదీ చాలా పొట్టిగా. జూన్ 21 చుట్టుపక్కల మీటరు కర్రకు పది సెంటీమీటర్ల నీడ. ఏ నెలలోనైనా నమ్మదగినది పాత పద్ధతి. కర్రను నిటారుగా పాతి దాని చుట్టూ తాడుతో ఒక వలయం గీయండి. పొద్దున్న నీడ కొన వలయాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. రెండింటినీ కలిపితే పడమర-తూర్పు గీత. పొద్దుటి గుర్తు పడమర వైపుది. మబ్బులున్న రోజు దిక్సూచే గతి. ఇనుప గేటుకూ, స్టీలు బెంచీలకూ దూరంగా పెట్టి చూడాలి. ఫోనులో దిక్సూచి వాడితే ముందు దాన్ని గాల్లో ఎనిమిది అంకె రాసినట్టు తిప్పండి.

ఇలా తెచ్చిన ఉత్తరం బాణం మీ పటంలో వంకరగా పడుతుంది. పడనివ్వండి. గోడలు రోడ్డును బట్టి కట్టారు గానీ దిక్కును బట్టి కాదు. "ఉత్తరం పైకే ఉండాలి కదా టీచర్" అని తప్పక అంటారు. పైకి అంటే ఆకాశంలోకి చూపించేవాళ్లూ ఉంటారు. దానికి మందు ఒకటే. పటాన్ని గోడ మీంచి దింపి నేల మీద పరిచి, కాగితంలోని బాణం నేల మీది ఉత్తరానికి వచ్చేదాకా తిప్పండి. అప్పుడు కాగితం మీది గేటు వైపు వేలు చాపితే అసలు గేటు అటే ఉంటుంది. ఒక్కసారి ఇది చూసిన పిల్ల మళ్లీ పైనా కిందా అనదు.

నాలుగో పీరియడు, దాచిపెట్టిన దూరం. పటం మీద గేటు నుంచి బోరింగుకు కొలబద్ద పెట్టి కొలవమనండి. 7.4 సెంటీమీటర్లు వస్తుంది. 5తో గుణిస్తే 37 మీటర్లు. 4 మీటర్లకు 7 అంగలు కాబట్టి సుమారు 65 అంగలు. ఈ 65ను బోర్డు మీద రాసి, కింద సంతకం చేయించి, అప్పుడు బయటికి తీసుకెళ్లి నడిపించండి. మా పాప 67వ అంగకు బోరింగు హ్యాండిల్ పట్టుకుంది. క్లాసంతా కేకలు. కాగితం మీద తప్ప ఎవరూ కొలవని దూరం అది. పటం 'చదవడం' అంటే పిల్లలకు అక్కడే అర్థమవుతుంది. మూడు నాలుగు అంగల తేడాను నేను ఒప్పుకుంటాను. పది దాటితే కారణం వెతికిస్తాను.

కారణాలు ఎప్పుడూ కొన్నే. కొలబద్ద సున్నా దగ్గర కాకుండా 1 దగ్గర పెట్టి కొలిస్తే జవాబు సరిగ్గా 5 మీటర్లు, అంటే తొమ్మిది అంగలు ఎక్కువ వస్తుంది. కొత్త కొలబద్దల్లో అంచుకూ సున్నాకూ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది, అంచు నుంచి కొలిస్తే నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. జవాబు సగమైతే కుడి కాలే లెక్కపెట్టారు. ఒకరి అంగతో కొలిచి ఇంకొకరు నడిస్తే ఆ తేడా పొట్టి పొడుగులను బట్టి ఉంటుంది. తప్పు ఎంత వచ్చిందో చూసి ఏ తప్పో చెప్పగలిగారంటే పిల్లలకు స్కేలు వంటబట్టినట్టే.

ఇక్కడ నా పరువు పోయిన కథ. ఒక ఏడాది బాగా వచ్చిన పటాన్ని పక్క సెక్షనుకు కూడా ఇద్దామని జిరాక్సు ఇచ్చాను. కాగితం ఆదా అవుతుందని షాపతను ఒక షీటులో రెండు వచ్చేట్టు తగ్గించి తీశాడు. నేను చూసుకోలేదు. పటం కింద "1 సెం.మీ. = 5 మీ." అని అలాగే ఉంది. పిల్లలు గేటు నుంచి బోరింగుకు కొలిస్తే దాదాపు 5.2 వచ్చింది. 26 మీటర్లు, 46 అంగలు అని రాశారు. నడిస్తే 46వ అంగకు మైదానం మధ్యలో నిలబడ్డారు, బోరింగు ఇంకా అల్లంత దూరాన ఉంది. తప్పు ఎవరిదో తెలిశాక నాకు ఒక మంచి పాఠం దొరికింది. పటం సాగినా కుదించినా రాసిన మాట మారదు, కాబట్టి అబద్ధమైపోతుంది. అదే పటం కింద 4 సెంటీమీటర్ల గీత గీసి ఒక చివర 0, ఇంకో చివర 20 మీటర్లు అని పెట్టి ఉంటే ఆ గీత కూడా పటంతో పాటే 2.8కి తగ్గేది. కాగితం ముక్క అంచు మీద గేటునూ బోరింగునూ గుర్తు పెట్టుకుని ఆ గీత పక్కన పేర్చి చూస్తే 37 మీటర్లే వచ్చేది. అందుకే నేను రేఖా స్కేలు తప్పనిసరిగా గీయిస్తాను. మీరు తరగతిలోని ప్యానెల్ తెర మీద పటం పెద్దది చేసి చూపిస్తున్నా ఇదే గొడవ. అక్కడ ఒక సెంటీమీటరుకు ఎంతో ఎవరికీ తెలియదు, గీత ఒక్కటే నిజం చెబుతుంది. ఇప్పుడైతే ఆ జిరాక్సును కావాలనే చిన్నది చేయించి ఇస్తాను.

మీ వాడు రాసిన 1 సెం.మీ. = 10 కి.మీ. సంగతి చివరికి మిగిలింది. ఆ స్కేలు తప్పు కాదు, దాని చోటు వేరు. భీమిలి ఆర్కే బీచ్ నుంచి నేరుగా గీత గీస్తే దాదాపు 24 కిలోమీటర్లు. వాడి స్కేలులో అది 2.4 సెంటీమీటర్లు, అట్లాసులో హాయిగా ఇమిడిపోతుంది. మన బడి స్కేలుతో గీస్తే 48 మీటర్ల కాగితం కావాలి, రోడ్డు గోడలో సగానికి పైగా పరుచుకుంటుంది. తిరగేసి, వాడి స్కేలులో మన బడి ఎంతుంటుందో వాడినే అడగండి. 84 మీటర్ల గోడ మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. పెన్సిల్‌తో పెట్టే చుక్కే దానికంటే పెద్దది. పెద్ద స్కేలు పటం చిన్న చోటును చూపిస్తుంది, చిన్న స్కేలు పటం పెద్ద చోటును చూపిస్తుంది అన్న వాక్యం పిల్లల్ని ఎప్పుడూ తికమక పెడుతుంది. ఈ రెండు లెక్కలూ చేశాక అడిగితే ఎక్కువమంది తడుముకోరు. తడుముకున్నవాళ్లకు "బోరింగు ఏ పటంలో కనబడుతుంది?" అని అడగండి.

నాలుగో పీరియడు చేజారితే గుర్తుల పట్టికనూ రంగులనూ ఇంటికి ఇచ్చేయండి, నడక పీరియళ్లను మాత్రం తగ్గించకండి. వాన పట్టుకుంటే మైదానం మానేసి వరండాలో చేయించండి. మా మేడ వరండా 32 మీటర్లు, 1 సెం.మీ.కు 2 మీటర్ల చొప్పున 16 సెంటీమీటర్లలో వచ్చేస్తుంది. స్తంభాలు, తరగతి తలుపులు, నీళ్ల ట్యాంకు చాలు కొలవడానికి. మొదటి తలుపు నుంచి ట్యాంకుకు ఎన్ని అంగలో ముందే రాయించి మరీ నడిపించండి.